ఏడు బుల్లెట్ల స్లయిడ్‌ని ఒక్క హెడ్‌లైన్‌కి తెచ్చా, చార్ట్ దగ్గర ఆగిపోయా

సపోర్ట్ టీమ్ రివ్యూ స్లయిడ్ అండి, ఏడు బుల్లెట్లు, పైన "టికెట్ల పరిస్థితి" అని టైటిల్. దాన్ని "రీఫండ్ టికెట్ల వల్లే సగటు పరిష్కార సమయం 18 నుంచి 31 గంటలకి పెరిగింది" అని పూర్తి వాక్యంగా మార్చా, మిగతా బుల్లెట్లన్నీ నోట్స్‌లోకి పంపేశా. చిక్కంతా చార్ట్‌తోనే. ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా మొత్తం సగటుతో లైన్ చార్ట్ పెడితే పెరిగిందని తెలుస్తోంది గానీ రీఫండ్ల వల్లే అని కనపడట్లేదు, పోనీ ఐదు కేటగిరీలకి ఐదు లైన్లు గీసి రీఫండ్‌కి ఎరుపు, మిగతావాటికి బూడిద రంగు వేస్తే కారణం తెలుస్తోంది కానీ ఆ 18, 31 చార్ట్‌లో ఎక్కడా లేవు, చూసినవాళ్లు అదే అడుగుతున్నారు. రెండు చార్టులు పెడితే మళ్లీ ఇరుకే. హెడ్‌లైన్ మార్చకుండా పెరుగుదల, కారణం రెండూ ఒక్కదాంట్లోనే కనపడాలంటే ఏ రకం చార్ట్ వాడాలి?