1.40 కోట్లతో నెలకు 50 వేలు, 90 ఏళ్ళ దాకా వస్తాయా? రియల్ రిటర్న్ ఎంత పట్టుకోవాలి?

సతీష్_గుంటూరు:
నాన్నగారికి మార్చితో 60 నిండుతాయి, ప్రైవేటు కంపెనీ ఉద్యోగం. పీఎఫ్, గ్రాట్యుటీ, స్థలం అమ్మిన డబ్బు అన్నీ కలిపి 1.40 కోట్లు. సొంతిల్లు ఉంది, అమ్మానాన్నల ఖర్చు నెలకు 50 వేలు. ఈపీఎస్ పెన్షన్ నెలకు 5 వేలు వస్తుంది. ఎఫ్‌డీ 7 శాతం, ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే 90 ఏళ్ళ దాకా సరిపోతుందా? ఒకరు బ్రహ్మాండంగా సరిపోతుందంటారు, ఇంకొకరు రెండు కోట్లు లేనిదే కుదరదంటారు. మార్కెట్‌లో పెట్టడానికి నాన్న ఒప్పుకోరు.

రమణ_వైజాగ్:
ఎందుకండీ అంత టెన్షన్? 1.40 కోట్లకు 7 శాతం అంటే ఏడాదికి 9.80 లక్షల వడ్డీ, నెలకు 81 వేల పైమాటే. ఖర్చు 50 వేలు. అసలు ముట్టుకోనక్కర్లేదు, పైగా నెలకు 30 వేలు మిగులుతుంది. కొత్త పన్ను విధానంలో 12 లక్షల ఆదాయం దాకా పన్ను కూడా లేదు. ఇంకా రియల్ రిటర్న్ కావాలంటే 7 లోంచి 6 తీసేస్తే 1 శాతం ప్లస్‌లోనే ఉన్నారు. రెండు కోట్లు అన్నవాళ్ళు ఏదో పాలసీ అమ్మడానికి వచ్చి ఉంటారు.

పద్మజ_కేపీహెచ్‌బీ:
రమణ గారూ, పన్ను విషయం ఈరోజుకు మీరు చెప్పింది నిజమే. కానీ "అసలు ముట్టుకోనక్కర్లేదు" అన్నదే చాలామందిని ముంచుతోంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏటా మొదట్లో ఆ ఏడాది ఖర్చు తీసుకుని, మిగతాదానికి 7 శాతం వడ్డీ వస్తుందనుకుందాం. పెన్షన్ సంగతి తర్వాత చూద్దాం. మొదటి ఏడాది 6 లక్షలు తీస్తే 134 మిగిలి, ఏడాది చివరికి 143.4 లక్షలవుతుంది. రెండో ఏడాది 6.36 తీసినా 146.6 అవుతుంది. పాస్‌బుక్ చూస్తే డబ్బు పెరుగుతూనే ఉంటుంది. ఇలా పదేళ్ళు పెరిగి, 70వ ఏట 162 లక్షలకు చేరుతుంది. ఆ రోజు ఇంట్లో అందరూ అనుకునేది ఒకటే, పెట్టినదానికన్నా 22 లక్షలు ఎక్కువే ఉన్నాయి, ఏ బెంగా లేదని. నిజానికి అదే శిఖరం, అక్కడి నుంచి దిగడమే. అప్పటికి ఏడాది ఖర్చు 10.75 లక్షలు. 80వ ఏట ఖాతాలో ఇంకా 116 లక్షలు కనిపిస్తాయి, కానీ ఆ ఏడాది ఖర్చు 19 లక్షలు దాటి ఉంటుంది. 86వ ఏట డబ్బు అయిపోతుంది. మీరు ఈ ఏడాది ఖర్చును ఈ ఏడాది వడ్డీతో పోల్చారు. వడ్డీ రేటు కదలదు, ఖర్చు ఏటా కదులుతుంది.

ఇక రియల్ రిటర్న్. తీసివేత కాదు, భాగహారం చేయాలి. ఈరోజు వంద రూపాయల సరుకు వచ్చే ఏడాది 106, మీ వంద 107 అవుతుంది. 107ను 106తో భాగిస్తే 1.0094, అంటే మీరు కొనగలిగే సరుకు పెరిగింది 0.94 శాతమే. ఎక్సెల్‌లో ఇలా కొట్టండి:

```
=PV(1.07/1.06-1, 30, -600000, 0, 1)
```

చివర ఉన్న 1 ముఖ్యం, డబ్బు ఏడాది మొదట్లో తీసుకుంటామని దాని అర్థం. జవాబు సుమారు 1.58 కోట్లు. తీసివేత పద్ధతిలో 1 శాతం పెట్టినా తేడా లక్ష చిల్లరే. కాకపోతే ధరలు పెరుగుతూ, వడ్డీ రేటు ఆ పెరుగుదల కంటే ఎక్కువ ఉన్నంత కాలం ఆ తప్పు ఎప్పుడూ ఒకే వైపు, తక్కువ డబ్బు చాలన్నట్టే చూపిస్తుంది. రేట్లు పెద్దవైతే తేడా కూడా పెరుగుతుంది.

శ్రీహరి_ఫండ్స్:
ఎఫ్‌డీలో కూర్చోబట్టే ఈ బాధంతా. ఇండెక్స్ ఫండ్‌లో పెట్టి, నెలనెలా కొంత అమ్మి తీసుకునేలా ఎస్‌డబ్ల్యూపీ పెట్టుకుంటే 12 శాతం వస్తుంది. మేడమ్ ఫార్ములాలోనే 1.12/1.06 పెట్టి చూడండి, 90 లక్షలు చాలు. 50 లక్షలు మిగిలిపోతాయి.

పద్మజ_కేపీహెచ్‌బీ:
లెక్క సరిగ్గానే వేశారు, 90.5 లక్షలు వస్తుంది. కానీ ఆ ఫార్ములా ఏటా తప్పకుండా 12 వస్తుందనుకునే వేస్తుంది. మార్కెట్ సగటున 12 ఇచ్చినా ఏ ఏడాది ఎంత ఇస్తుందో చెప్పదు కదా, డబ్బు తీసుకునేవాడికి ఆ వరసే ప్రాణం. 2008 జనవరిలో ఒకాయన 90 లక్షలతో మొదలుపెట్టి, 6 తీసుకుని, 84 సెన్సెక్స్‌లో ఉంచాడనుకోండి. ఆ ఏడాది సెన్సెక్స్ 52 శాతం పడింది, చేతిలో 40 మిగిలింది. రెండో ఏడాది ఖర్చుకు 6.36 పోతే 33.6. 2009లో సెన్సెక్స్ 81 శాతం లేచింది, అయినా ఆయన దగ్గర 61 లక్షల లోపే. ఇంకా 28 ఏళ్ళు ఉన్నాయి. ముట్టుకోకుండా వదిలేసిన 84 అయితే 72 దాకా తిరిగొచ్చేది. జీతం వస్తున్నవాళ్ళకు ఈ పతనం చవగ్గా కొనుక్కునే అవకాశం, జీతం ఆగినవాళ్ళకు అదే నష్టానికి అమ్ముకోవడం.

శ్రీహరి_ఫండ్స్:
మొత్తం ఈక్విటీలో పెట్టమని నేననలేదు. రెండు మూడేళ్ళ ఖర్చు ఎఫ్‌డీలో ఉంచుకుని, 30 శాతం ఈక్విటీ పెట్టుకున్నా 0.94 కంటే మెరుగే. 0.94తో ముప్పై ఏళ్ళు బతకాలనుకోవడమే నా దృష్టిలో అసలు రిస్క్.

పద్మజ_కేపీహెచ్‌బీ:
30 శాతానికి నాకు అభ్యంతరం లేదు. దాన్ని నమ్ముకుని 90 లక్షలు చాలు అనడమే అభ్యంతరం.

విశ్రాంత_టీచర్_హనుమకొండ:
సతీష్ బాబూ, నేను రిటైరై చాలా కాలమైంది. మా ఇద్దరికీ నా పెన్షన్ సరిపోతోంది, డీఏ ఆలస్యమైనా పెరుగుతుంది. నా దగ్గర 40 లక్షలకు మించి లేవు, ఏనాడూ ఇబ్బంది పడలేదు. మీ నాన్నగారికి 1.40 కోట్లు ఉండి భయమెందుకో అర్థం కావడం లేదు. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీములో 30 లక్షలు వేసుకోమనండి, బ్యాంకు కంటే మంచి వడ్డీ.

పద్మజ_కేపీహెచ్‌బీ:
నమస్తే మాస్టారూ. మీ పెన్షన్‌కు డీఏ ఉంది కాబట్టి ధరల పెరుగుదలను చాలావరకు ప్రభుత్వమే మోస్తోంది. అలాంటి పెన్షన్ కొనుక్కోవాలంటే బయట కోటికి పైనే పెట్టాలి. ఆ స్కీము సలహా మంచిదే, పెట్టిన రోజు రేటు ఐదేళ్ళు మారదు. కానీ ఐదేళ్ళ తర్వాత అప్పటి రేటుకే ఒప్పుకోవాలి.

సతీష్ గారూ, మీ నాన్నగారి ఈపీఎస్‌లో డీఏ లేదు. ఈరోజు 5 వేలు, ముప్పై ఏళ్ళ తర్వాత కూడా 5 వేలే. అందుకని 50 లోంచి 5 తీసేసి 45 వేలకు లెక్క వేస్తే పొరపాటు, అప్పుడు దాదాపు 16 లక్షలు తగ్గినట్టు కనిపిస్తుంది. పెరగని పెన్షన్‌ను రియల్ రేటుతో కాదు, మామూలు 7 శాతంతోనే ఈరోజు విలువకు తేవాలి. అలా చేస్తే వచ్చేది 8 లక్షలు, అంటే సగమే. 1.58 లోంచి అది తీసేస్తే 1.50 కోట్లు కావాలి, మీ దగ్గర 1.40 ఉంది. లేదా ఖర్చు నెలకు 47 వేలతో మొదలుపెడితే ఉన్నదే సరిపోతుంది.

రమణ_వైజాగ్:
పదేళ్ళ తర్వాత శిఖరం అన్నది నేను ఎక్సెల్‌లో వేసి చూశాను, నిజమే, 70 తర్వాత దిగుతోంది. కానీ 6 శాతం ఎక్కడిదండీ? ఆర్‌బీఐ పెట్టుకున్న లక్ష్యమే 4 శాతం. 7కు 4 పెడితే 1.23 కోట్లే వస్తోంది, 17 లక్షలు మిగులుతున్నాయి. పైగా 75 దాటాక పెద్దవాళ్ళు తిరగరు, కొనరు, ఖర్చు తగ్గుతుంది.

పద్మజ_కేపీహెచ్‌బీ:
ధరలు 4కు దిగాక బ్యాంకు మీకు 7 ఎందుకిస్తుంది? 2025లో ధరల వేగం తగ్గింది, ఆర్‌బీఐ రెపో రేటు తగ్గిస్తూ పోయింది, వెంటనే కొత్త ఎఫ్‌డీల రేట్లూ దిగాయి. ఆ రెండు అంకెలూ కలిసి కదులుతాయి, కాబట్టి ఒకదాన్ని దించి ఇంకోదాన్ని అలాగే ఉంచకూడదు. మధ్యలో తేడా ఎంతన్నదే చూడాలి, ఎఫ్‌డీకి 1 శాతం దగ్గర పట్టుకోవడం నాకు సబబనిపిస్తుంది. పన్ను కూడా అంతే. 12 లక్షల పరిమితి ఇలాగే ఉంటే సతీష్ గారి నాన్నగారికి పడదు. ముప్పై ఏళ్ళలో ఏదో బడ్జెట్ దాన్ని మార్చి, సగటున వడ్డీలో పదో వంతు పన్నుకు పోయిందంటే 7 కాస్తా 6.3 అవుతుంది, రియల్ రేటు 0.3 దగ్గరికి పడుతుంది, కావలసింది 1.73 కోట్లకు చేరుతుంది. రెండు కోట్లన్నవాళ్ళు ఈ రకంగా లెక్కేసి ఉండొచ్చు.

విశ్రాంత_టీచర్_హనుమకొండ:
ఖర్చు తగ్గుతుందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను రమణ గారూ. తిరుగుడు తగ్గింది నిజమే. మా ఆవిడకు తుంటి ఎముక విరిగాక రాత్రికో మనిషి, పగలుకో మనిషి కావాల్సి వచ్చారు. ఆ జీతాలు కూరగాయల ధరల్లా పెరగలేదు, అంతకన్నా వేగంగా పెరిగాయి.

రమణ_వైజాగ్:
అది అందరికీ వచ్చే పరిస్థితి కాదు కదా మాస్టారూ. వైద్యానికి వేరే బీమా, వేరే డబ్బు పెట్టుకుని, ఇంటి ఖర్చుకు మాత్రం 5 శాతం చాలని నా అభిప్రాయం. దీని మీద నేను మారను.

సతీష్_గుంటూరు:
అందరికీ ధన్యవాదాలు. 47 వేలతో మొదలుపెట్టమని నాన్నతో మాట్లాడతాను. రెండు విషయాలు అడగాలి. దారి తప్పుతున్నామని మధ్యలో తెలిసేదెలా? ఇంకోటి, అన్నయ్య ఫ్లాట్‌కు నాన్న 15 లక్షలు ఇద్దామంటున్నారు, ఎలాగూ మొదటి పదేళ్ళు డబ్బు పెరుగుతుంది కదా అని.

పద్మజ_కేపీహెచ్‌బీ:
ఏటా ఏప్రిల్‌లో ఖాతాలో ఉన్న మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుతో భాగించండి. వచ్చిన అంకెను ఇంకా ఎన్నేళ్ళకు కావాలో దాని పక్కన పెట్టి చూడండి. రియల్ రిటర్న్ సున్నా అయితే రెండూ సమానంగా ఉండాలి, 1 శాతం అయితే ముప్పై ఏళ్ళకు 26 చాలు, ఇరవై ఏళ్ళకు 18 చాలు. 50 వేల ఖర్చుతో వెళ్ళిన పై లెక్కలో 70వ ఏట ఆ అంకె 15, కావలసింది 18. పాస్‌బుక్‌లో 162 లక్షలు ఉన్న రోజే మూడేళ్ళ ఖర్చంత లోటు కనబడుతుంది, సరిచేసుకోవడానికి టైమూ ఉంటుంది.

15 లక్షల సంగతి. పెరిగేది అన్నయ్యకు ఇవ్వడానికి మిగిలిన డబ్బు కాదు, 70 తర్వాత తినాల్సిన డబ్బు. 50 వేల ఖర్చు మీదే చూస్తే 1.25 కోట్లతో మొదలైనప్పుడు డబ్బు 86 దాకా రాదు, 83కే అయిపోతుంది. ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇంటి విషయం, కానీ ఇస్తే ఆ మూడేళ్ళు అమ్మానాన్నలను ఎవరు చూసుకుంటారో అన్నయ్యతో ఇప్పుడే మాట్లాడుకోండి.