గుర్తు చేసే లేఖలో అద్దె కోత మాట రాయాలా?

అడిగినవారు: బాత్రూం పైకప్పు కారుతోందని వారాల క్రితం ఓనర్‌కి మెసేజ్ పెట్టాను. "చూద్దాం" అన్నారు, అంతే. ఇప్పుడు లేఖ రాస్తున్నాను. రిపేరు చేయించకపోతే అద్దెలో కోస్తానని రాయాలా, వద్దా?

మొహమాటం లేనివాడు: రాసేయండి. డబ్బు మాట వస్తే తప్ప కదలరు. మనమే రిపేరు చేయించుకుని అద్దెలో పట్టుకునే హక్కు చాలా చోట్ల చట్టంలోనే ఉంది.

పాత అద్దెదారు: ఉంది కానీ, ముందు రాతలో తెలిపి, తగిన గడువిచ్చి, అప్పటికీ ఓనర్ చేయించకపోతేనే. అదేమీ లేకుండా అద్దె తగ్గిస్తే కాగితం మీద మిగిలేది మీ బకాయే. అప్పుడు లీకు సంగతి వదిలేసి బకాయి గురించే మాట్లాడతారు. పైగా కారేది పై ఫ్లాటు నుంచైతే, మీ డబ్బు పెట్టినా వాళ్ల నేల మీరు తవ్వించలేరు కదా. నేనైతే ఇలా రాస్తాను:

"గత నెల 4న పైకప్పు లీకు గురించి మీకు మెసేజ్ పెట్టాను. అప్పుడు మూలన తడి మరక మాత్రమే ఉంది. ఇప్పుడు చుక్కలు పడుతున్నాయి, పెచ్చులు ఊడుతున్నాయి, తడి లైటు దాకా వచ్చింది. తేదీలున్న ఫొటోలు జత చేశాను. పైవారితో మాట్లాడి, ప్లంబర్ ఏ రోజు వస్తారో ఈ నెల 18లోపు రాసి తెలపండి. సాయంత్రం ఆరు తర్వాత, ఆదివారం రోజంతా ఇంట్లో ఉంటాను."

అప్పటికి, ఇప్పటికి ఏం మారిందో చెప్పే వాక్యాలే ఇందులో ముఖ్యం. ఆలస్యం వల్ల నష్టం పెరిగిందని అవే చూపిస్తాయి.

ప్లంబర్: తడి లైటు దాకా వస్తే మెయిన్ బోర్డులో ఆ లైను ఆపేయండి, లేఖ తర్వాత. ఇంకొకటి, చుక్కలు ఎప్పుడు పడుతున్నాయో చూసి రాయండి. పగలూ రాత్రీ ఆగకుండా పడితే నీళ్లొచ్చే పైపు మీద అనుమానం. పైవాళ్లు స్నానం చేశాకే పడితే నీళ్లు పోయే పైపు గానీ, టైల్స్ సందులు గానీ. లీకు ఆపకుండా మీ కప్పుకి రంగు వేయిస్తే మరక మళ్లీ వస్తుంది.

మొదటి అంతస్తు: మాకూ ఇంతే, గీజర్ పాడైతే ఓనర్ డిపాజిట్‌లో కోశారు. అది తిరిగి వస్తుందా?

పాత అద్దెదారు: అది వేరే సంగతి అండీ, విడిగా అడగండి. అగ్రిమెంట్‌లో గీజర్ ఎవరి బాధ్యతని ఉందో ముందు చూడండి.

ఇల్లు అద్దెకిచ్చినామె: మా పైవాళ్లు తలుపు తీయక నాకూ ఆలస్యమైంది. ఆ మాట అద్దెదారుకి చెప్పాల్సింది నేనే, ఒప్పుకుంటాను. కానీ మొదటి లేఖలోనే కోత అంటే నాకు బెదిరింపులాగే ఉంటుంది.

మొహమాటం లేనివాడు: 18 దాటాక కూడా "చూద్దాం" అంటే?

పాత అద్దెదారు: అప్పుడు రెండో లేఖ. మీ ప్రాంత చట్టం, అగ్రిమెంటు చూసుకుని కోత మాట అందులో పెట్టండి. అద్దె మాత్రం అప్పటిదాకా పూర్తిగా కట్టండి.

మొహమాటం లేనివాడు: నేను మాత్రం మొదటి దాంట్లోనే రాస్తాను.

అడిగినవారు: కోత లేకుండానే పంపుతున్నాను. లైటు లైను ఆపేశాను. చుక్కలు పైవాళ్ల స్నానాల వేళే పడుతున్నాయి, అదీ రాశాను.