పెదవి బాగుండి అంగిలి మాత్రమే ఎందుకు చీలింది?

మా పాపకు 3 నెలలు. పై పెదవి, చిగురు చక్కగా ఉన్నాయి. అంగిలి మాత్రం వెనుకవైపు వెడల్పుగా, యూ ఆకారంలో చీలి ఉంది. కింది దవడ బాగా చిన్నది. వెల్లకిలా పడుకోబెడితే నాలుక వెనక్కి జారి ఊపిరి కష్టమవుతుంది. డాక్టరు పర్యవేక్షణలోనే ఉంది.

పిండంలో పై పెదవి దాదాపు 7వ వారానికే కలిసిపోతుందని చదివాను. అంగిలి పలకలు మాత్రం మొదట నాలుకకు రెండు పక్కలా కిందికి వేలాడుతూ, 8వ వారం ప్రాంతంలో నాలుక దిగాక పైకి లేచి అడ్డంగా చేరి, 12వ వారానికల్లా అతుక్కుంటాయట. అంటే దవడ ఎదగక నాలుకకు దిగే చోటు దొరకకపోతే, పలకలు బాగానే ఉన్నా మధ్యలో నాలుకే అడ్డుపడుతుంది కదా?

మా పాపకు జరిగింది ఇదేనా? పలకలే పొట్టివైనా, తాకి కూడా అతుక్కోకపోయినా చీలిక ఆకారం వేరుగా ఉంటుందా? తెలిసినవారు దయచేసి వివరించండి.