డెక్ ఆఫీసర్ ఓరల్స్: రూల్స్ అప్పజెప్పాలా, చేసి చూపాలా?

కొత్తనావికుడు
డెక్ ఆఫీసర్ సర్టిఫికెట్‌కు రాత పరీక్షలన్నీ పాసయ్యాను, ఓరల్స్‌కు ఇంకా 6 వారాల గడువుంది. ఓడలు ఢీకొనకుండా పాటించాల్సిన కోల్‌రెగ్స్‌ను అక్షరం పొల్లుపోకుండా కంఠస్థం చేయాలా, అర్థం తెలిస్తే సరిపోతుందా? పెద్దలు దయచేసి చెప్పండి.

లంగరు
కంఠస్థమే చేయండి, అందులో రెండో మాట లేదు. ఎందుకంటే ఆ రూల్స్‌లో ఒక్క మాట మారితే బాధ్యతే మారిపోతుంది. రూల్ 17 చూడండి. మీది కోర్సూ వేగమూ మార్చకుండా సాగాల్సిన స్టాండ్‌ఆన్ ఓడ అయి, అవతలి ఓడ దారి ఇవ్వడం లేదని తేటతెల్లమైనప్పుడు మీరు కదలవచ్చు అంటుంది, అక్కడున్నది ‘మే’. అవతలి ఓడ ఒక్కటే కదిలితే ప్రమాదం తప్పదనేంత దగ్గరికి వచ్చాక మీరు కదిలి తీరాలి అంటుంది, అక్కడున్నది ‘షల్’. అర్థం తెలుసు కదా అని సొంత మాటల్లో చెప్పేవారు ఈ రెంటినీ కలిపేసి ‘అవసరమైతే తిప్పుతాను’ అంటారు. ఆ జవాబుతో ఎగ్జామినర్‌కు ఏమి తెలుస్తుంది? ఏమీ తెలియదు. నేను పొద్దున ఒక రూల్, రాత్రి ఒక రూల్ చొప్పున పైకి చదివి, మూడో వారానికల్లా పుస్తకం మూసి చెప్పగలిగాను.

దిక్సూచి
రూల్ 17 గురించి లంగరు గారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ రూల్‌తో పాటు 5 నుంచి 8 వరకు, 13 నుంచి 19 వరకు మూలంలోని మాటలు నోటికి వచ్చి ఉండాలని నేనూ అంటాను. అయితే చాలా ఏళ్లుగా ఓరల్స్‌కు వెళ్లే పిల్లలను కూర్చోబెట్టి ప్రశ్నలు వేస్తున్నాను. మాట మరిచిపోయి తడబడినవారిని కొద్దిమందినే చూశాను. ఎక్కువమంది ఏ రూల్‌ను తెరవాలో తెలియక దెబ్బతింటారు.

ఒక ఉదాహరణ చెబుతాను. బల్ల మీద రెండు చిన్న ఓడ బొమ్మలు పెడతాను. ‘అర్ధరాత్రి వాచ్ మీది, దట్టమైన పొగమంచు. రాడార్‌లో పోర్ట్ బౌ వైపు, అంటే ఎడమ ముందువైపు, 40 డిగ్రీల దగ్గర, 8 మైళ్ల దూరంలో ఒక ఓడ కనిపించింది, అది కనిపించే దిక్కు, అంటే బేరింగ్, మారడం లేదు. ఏం చేస్తారు?’ అని అడుగుతాను. బాగా చదివిన పిల్లవాడే వెంటనే అందుకుంటాడు: ‘అతడు నా పోర్ట్ వైపున ఉన్నాడు కాబట్టి అతడే దారి ఇవ్వాలి, నేను స్టాండ్‌ఆన్, కోర్సూ వేగమూ మార్చకుండా వెళతాను’ అని. ఆ తర్వాత రూల్ 15, రూల్ 17 ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెబుతాడు. అప్పజెప్పిన రూల్స్ సరైనవే, కానీ ఆ రెండూ ఒకరినొకరు కంటితో చూస్తున్న ఓడలకు మాత్రమే వర్తిస్తాయి. పొగమంచులో రాడార్ మీద మాత్రమే కనిపిస్తున్నప్పుడు స్టాండ్‌ఆన్ అనే ఓడే లేదు, ఇద్దరికీ బాధ్యత ఉంటుంది, వర్తించేది రూల్ 19.

అందుకే నేను జవాబు మొదలయ్యే చోటు చూస్తాను. చూపు ఎంత దూరం ఉంది, కంటికి కనిపిస్తోందా లేదా, ఢీకొనే ప్రమాదం ఉందని ఎలా నిర్ధారించుకున్నావు అన్నవి ముందు రావాలి. తర్వాత కెప్టెన్‌ను పిలిచాను, లుకౌట్ పెంచాను, వేగం పరిస్థితికి తగినంతకు తగ్గించాను, ఇంజిన్ వెంటనే వాడడానికి సిద్ధంగా ఉంది, రెండు నిమిషాలకు మించకుండా ఒక పొడుగాటి హారన్ మోగుతోంది అన్నవి రావాలి. అవతలి ఓడ దగ్గరికి రాకముందే, స్టార్‌బోర్డ్ వైపు, అంటే కుడివైపు, ఎవరూ లేరని చూసుకుని, రాడార్ మీద అతడికి స్పష్టంగా తెలిసేంత పెద్దగా స్టార్‌బోర్డ్‌కు తిప్పుతాను అన్నది చివరికి వస్తుంది. అతడు దాటిపోయేదాకా ప్లాట్ చూస్తూనే ఉంటాను అన్నమాట చాలామంది మరిచిపోతారు. దాన్ని రూల్ 8 అడుగుతుంది.

ఇంజిన్‌గది
మా వైపు ఓరల్స్‌లో పంపు బొమ్మ గీసి భాగాలు చెప్పమన్నారు. బొమ్మలు చేతికి అలవాటయ్యేలా రోజూ గీయండి, రాత పరీక్షలో కూడా మార్కులు పెరుగుతాయి.

కొత్తనావికుడు
ఇంజిన్‌గది గారూ, ధన్యవాదాలు. నాది డెక్ వైపు, రాత పరీక్ష అయిపోయింది. దిక్సూచి గారూ, మీరు అడిగిన ప్రశ్నకు నేనూ స్టాండ్‌ఆన్ అనే అనుకున్నాను.

రెండుసార్లు
నా అనుభవం వినండి. నేను రెండుసార్లు ఓరల్స్‌లో తప్పాను, రాతలో మాత్రం ఒక్కసారీ తప్పలేదు. రెండోసారి పొగమంచు ప్రశ్నే వచ్చింది. నాకు రూల్ 19 మొత్తం నోటికి వచ్చు, మొదలుపెట్టాను కూడా. సగంలో ఎగ్జామినర్ చెయ్యి అడ్డం పెట్టి, ‘చాలు, ఇప్పుడు ఏం చేస్తావు?’ అన్నారు. నన్ను పూర్తి చేయనివ్వలేదు. చదివినవాడిని చెప్పనివ్వకుండా ఆపి, తెలియదని ఫెయిల్ చేయడం ఏ న్యాయం? ఆ రోజు ఆయనకు మూడ్ బాగా లేదని బయట కూర్చున్న వాళ్లందరికీ తెలుసు.

లంగరు
ఇదీ అసలు సంగతి. రాతలో జవాబు కాగితం మీద ఉంటుంది, ఎవరు దిద్దినా దాదాపు అంతే మార్కులు వస్తాయి. ఓరల్స్‌లో ఎదురుగా కూర్చున్న మనిషి అభిప్రాయమే తీర్పు. అటువంటప్పుడు మనకున్న ఒకే ఒక రక్షణ మూలంలోని మాట. నా సొంత మాట తప్పని ఆయన అనవచ్చు, పుస్తకంలోని మాట తప్పని అనలేరు.

దిక్సూచి
రెండుసార్లు గారూ, ఒక మాట అడుగుతాను, నొచ్చుకోకండి. ఆపాక ఆయన అడిగిన ప్రశ్నకు మీరేమని జవాబిచ్చారు? ఓడ ఎటువైపు ఉందని చెప్పారు?

రెండుసార్లు
మీరు ఎగ్జామినర్ పక్షాన మాట్లాడుతున్నారని నాకు తెలుస్తూనే ఉంది. అయినా చెబుతాను. నా ఓడకు స్టార్‌బోర్డ్ వైపు వెనుక, 120 డిగ్రీల రిలేటివ్ బేరింగ్ మీద ఉంది, నాకంటే వేగంగా వస్తోంది, బేరింగ్ కదలడం లేదు. కుర్చీలోంచి లేపి బోర్డు దగ్గర నిలబెట్టారు, మాగ్నెట్ బొమ్మ నా చేతికిచ్చి ‘తిప్పు’ అన్నారు. నేను స్టార్‌బోర్డ్‌కు తిప్పాను. పొగమంచులో స్టార్‌బోర్డ్‌కే తిప్పాలని అందరూ నేర్పారు.

చుక్కాని
అందరూ నేర్పింది ముందువైపు వచ్చే ఓడ గురించి, అండీ.

దిక్సూచి
మీరు అప్పజెప్పిన రూల్‌లోనే జవాబు ఉంది. రాడార్ మీద కనిపించే ఓడ విషయంలో రూల్ 19 (డి) రెండు పనులు వీలైనంతవరకు వద్దంటుంది. బీమ్ అంటే మన ఓడకు సరిగ్గా పక్క దిక్కు; ఆ బీమ్‌కు ముందున్న ఓడ కోసం పోర్ట్‌కు తిప్పడం ఒకటి, మీరు వెనుక నుంచి దాటి వెళుతున్న ఓడ అయితే తప్ప. బీమ్ మీదగాని, బీమ్‌కు వెనుకగాని ఉన్న ఓడ వైపుకు తిప్పడం రెండోది. 120 డిగ్రీలు అంటే స్టార్‌బోర్డ్ బీమ్‌కు 30 డిగ్రీలు వెనుక. స్టార్‌బోర్డ్‌కు తిప్పితే అతడి దారిలోకే వెళుతున్నట్టు. ముందూ పోర్ట్ వైపూ ఎవరూ లేరని చూసుకుని పోర్ట్‌కు తిప్పి ఉంటే సరిపోయేది. ఆ వాక్యం మీ నోటిలో ఉంది, చేతిలో లేదు. మీకు రూల్ తెలుసా తెలియదా అని ఆ ఎగ్జామినర్ చూడలేదు; మీ పఠనం ముగిసేదాకా ఓడ ఆగదు కదా, ఇప్పుడు ఏం చేస్తారా అని చూశారు.

లంగరు
దిక్సూచి గారూ, మీరు అతడి గాయం మీద కారం చల్లుతున్నారు. చదివిన ప్రతివాడూ తప్పు చేశాడని, అడిగిన ప్రతి ఎగ్జామినరూ సరైనవాడని మీ లెక్క. నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఒకాయన, ‘నాకు పుస్తకం వద్దు, నీ మాటల్లో చెప్పు’ అన్నారు. రెండోసారి ఇంకొకాయన, ‘నీ మాటలు వద్దు, రూల్‌లో ఏముంది?’ అన్నారు. ఒకే జవాబుతో ఒకసారి తప్పాను, ఒకసారి పాసయ్యాను. ఆ ఏడు నెలలు నేను ఓడ ఎక్కలేకపోయాను. ఆ బాధ పడినవాడిగా చెబుతున్నాను, మూలం రాకుండా ఎవరూ ఆ గదిలోకి వెళ్లవద్దు.

దిక్సూచి
ఆ సంగతి మీరు ముందే చెప్పి ఉంటే నేను ఇంకోలా రాసేవాడిని. ఇద్దరు ఎగ్జామినర్లు రెండు రకాలుగా అడగడం నేనూ చూశాను, అది లోపమే, దాన్ని నేను సమర్థించను. మన తేడా రూల్స్ కంఠస్థం చేయాలా వద్దా అన్నదాని మీద కాదని ఇప్పుడు తెలుస్తోంది. మీరు ఎగ్జామినర్ నుంచి కాపాడుకోవడానికి చదవమంటున్నారు, నేను రాత్రి రెండు గంటలకు బ్రిడ్జి మీద ఒంటరిగా ఉన్నప్పటి కోసం చదవమంటున్నాను. రెంటికీ ఒకే పుస్తకం, చదివే తీరు మాత్రం వేరు.

కొత్తనావికుడు గారూ, మీరు రెండు రబ్బరు ముక్కలు తీసుకుని, రూల్ చదివిన వెంటనే పుస్తకం మూసి ఓడలను పెట్టండి. ముందువైపు పోర్ట్, ముందువైపు స్టార్‌బోర్డ్, బీమ్, వెనుక రెండు మూలల వైపున్న క్వార్టర్లు. ఒక్కో చోటును ఒకసారి కంటికి కనిపిస్తున్నట్టు, ఒకసారి పొగమంచులో ఉన్నట్టు చేయండి. చెయ్యి ముందు కదలాలి, వాక్యం తర్వాత రావాలి. మీ స్నేహితుడొకరిని ఎదురుగా కూర్చోబెట్టి, మీరు మూడో వాక్యంలో ఉన్నప్పుడల్లా ‘ఆగు, ఇప్పుడు హెల్మ్ ఎటు?’ అని అడగమనండి. అడ్డుపడితే తడబడకపోవడం ఇంట్లోనే అలవాటు కావాలి. లంగరు గారి పద్ధతిలో ఉదయం చదవండి, సాయంత్రం ఇలా ఆడండి.

లంగరు
‘మూలం ఏమంటుంది’ అని అడిగినప్పుడు అప్పజెప్పడానికి, ‘ఏం చేస్తావు’ అన్నప్పుడు చేసి చూపడానికి రెండూ సిద్ధంగా ఉంచుకోవాలన్నమాట. అంతవరకు ఒప్పుకుంటాను. ఏ ప్రశ్న వస్తుందో ముందుగా చెప్పరన్న నా మాటకు మాత్రం మీ దగ్గర జవాబు లేదు.

కొత్తనావికుడు
ఈ సాయంత్రం మా గదిలో చేసి చూశాను. స్నేహితుడు ‘ఆగు’ అన్నప్పుడు మూడుసార్లు మాట పోయింది. మంచులో స్టార్‌బోర్డ్ క్వార్టర్ దగ్గర నేను కూడా స్టార్‌బోర్డ్‌కే తిప్పాను. ఒక సందేహం మిగిలింది: వెనుక ఓడ ఇంకా దూరంగా ఉన్నప్పుడే కేవలం వేగం తగ్గించి దాన్ని ముందుకు పోనివ్వవచ్చా?

దిక్సూచి
ఆ ప్రశ్న అడిగారంటే దారిలో పడ్డారు. వేగం తగ్గించడం తప్పు కాదు, కానీ అతడు మీకంటే వేగంగా వస్తున్నాడు కాబట్టి తగ్గిస్తే అతడు మిమ్మల్ని ఇంకా త్వరగా చేరుకుంటాడు. మీ వేగమూ అతడి వేగమూ పెట్టి రాడార్ ప్లాట్ మీద గీసి చూడండి, బేరింగ్ ఎటు కదులుతుందో అదే చెబుతుంది. అదే కాగితం ఎగ్జామినర్ ముందు పెట్టగలిగితే వేరే మాట అక్కర్లేదు.

రెండుసార్లు
వచ్చే నెల మూడోసారి వెళుతున్నాను. క్వార్టర్ ఓడను ఈ వారమంతా చేస్తాను. అయినా ఆ రోజు ఆయన నన్ను పూర్తి చేయనిచ్చి ఉండాల్సిందని ఇప్పటికీ అంటాను.