నిద్ర స్కోరుకు రెడ్ ఫ్లాగ్ ఎప్పుడు పెట్టాలి?

మా జట్టులో ఆటగాళ్లు రోజూ పొద్దున్నే నిద్ర, అలసట, కండరాల నొప్పికి 1 నుంచి 5 వరకు స్కోరు ఇస్తారు. ప్రతి ఒక్కరినీ వాళ్ల గత 28 రోజుల సగటుతోనే పోలుస్తున్నాను. జెడ్ స్కోరు -1 కంటే తగ్గితే పసుపు, -2 దాటితే ఎరుపు. కోచ్‌లకు రంగు మాత్రమే కనిపిస్తుంది.

చిక్కంతా ఎప్పుడూ ఒకే అంకె వేసేవాళ్లతోనే. ఒకమ్మాయి నిద్రకు 27 రోజులు 4, ఒక్కరోజు 3 వేసింది. సగటు 3.96, స్టాండర్డ్ డీవియేషన్ 0.19. ఇవాళ మళ్లీ 3 వేసేసరికి జెడ్ -5.1 వచ్చి ఎర్రబడింది. కోచ్ వెంటనే ఆమెను ప్రాక్టీసు నుంచి తప్పించారు, పాపం బాగానే ఉంది.

డీవియేషన్ 0.5 కంటే తగ్గకుండా కట్టడి చేస్తే -1.9, అంటే పసుపే. ఇది సరైన పద్ధతేనా? లేక వరుసగా రెండు రోజులు పడిపోతేనే ఎరుపు చూపించాలా? అలాచేస్తే నిజంగా జ్వరం వచ్చినవాళ్లను ఒకరోజు ఆలస్యంగా పట్టుకుంటామేమోనని భయం. ఇలాంటివి నడిపినవాళ్లు చెప్పగలరా?