అప్‌డేట్: భార్యకిచ్చిన డబ్బుపై వడ్డీ ఎవరి ఆదాయం?

నా ప్రశ్న: ‘నా భార్యకు ఇచ్చిన 10 లక్షలను నల్లగొండలో ఆమె పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్ చేశాం. వడ్డీపై పన్ను ఎవరు కట్టాలి?’

మిర్యాలగూడలో ఒక ఆడిటర్ గారిని కలిశాను. ఇచ్చిన 10 లక్షలపై ఇద్దరికీ పన్ను లేదు. కానీ ఆదాయపు పన్ను చట్టం ప్రకారం, 7 శాతం చొప్పున ఏడాదికి వచ్చే 70,000 వడ్డీ ఆమె ఖాతాలో పడినా నా ఆదాయంలోనే కలుస్తుంది. నాకు ఊరటనిచ్చింది తర్వాతి మాట. ఆ 70,000ను ఆమె మళ్లీ డిపాజిట్ చేస్తే, దానిపై వచ్చే 4,900 ఆమె సొంత ఆదాయమే! అసలూ వడ్డీ ఒకే డిపాజిట్‌లో కలిసిపోతే ఈ లెక్క విడదీయడం చికాకు కాబట్టి, వడ్డీకి వేరే డిపాజిట్ తెరిచాం. ఆమె పాన్‌పై కోసే టీడీఎస్ నాకు జమ కావాలంటే, ఆమే బ్యాంకుకు డిక్లరేషన్ ఇవ్వాలట. అది ఈ వారం ఇస్తున్నాం.