క్యూబిక్ కర్వ్ మీద దగ్గరి బిందువు: న్యూటన్ చాలా, ఐదు రూట్లూ వెతకాలా?

పెన్‌టూల్_పిచ్చి అడిగింది:
బ్రౌజర్‌లో చిన్న డ్రాయింగ్ టూల్ రాస్తున్నాను. మౌస్ ఎక్కడున్నా, దానికి అతి దగ్గరగా బెజియర్ కర్వ్ మీద ఒక చుక్క కనపడాలి. (B(t) − P)·B′(t) = 0 ని న్యూటన్ మెథడ్‌తో సాల్వ్ చేస్తున్నా. t = 0, 0.5, 1 మూడింట్లో దగ్గరిది చూసి అక్కణ్ణించి మొదలుపెడుతున్నా. కొన్ని చోట్ల చుక్క తప్పు చోట కూర్చుంటోంది, కానీ విలువ మాత్రం సున్నాయే వస్తోంది. కంట్రోల్ పాయింట్లు (0,0), (0,4), (4,4), (4,0), మౌస్ (1.9, 1) దగ్గర. న్యూటన్‌నే సరిచేసుకోవచ్చా, ఐదో డిగ్రీ సమీకరణం మొత్తం సాల్వ్ చేయాల్సిందేనా?

కోడ్‌రాయుడు:
మొత్తం సాల్వ్ చేయడం అనే మాటే వదిలెయ్ బ్రో. ఐదో డిగ్రీకి ఫార్ములా ఉండదని ఏబెల్ 1824లోనే తేల్చేశాడు. ఆ దారి మూసుకుపోయింది. కర్వ్ మీద వంద శాంపిల్ పాయింట్లు తీసుకో, అన్నిట్లోకీ దగ్గరిది పట్టుకో, అక్కణ్ణించి రెండు మూడు న్యూటన్ స్టెప్పులు వెయ్. మౌస్ కదిలినప్పుడల్లా వంద లెక్కలు చేయడం బ్రౌజర్‌కి ఒక లెక్కే కాదు.

వంపుల_వనజ:
ఏబెల్ చెప్పింది కూడికలు, గుణకారాలు, వర్గమూలాల లాంటివాటితో రాసే ఫార్ములా గురించి. రూట్లు కావాల్సినంత కచ్చితంగా లెక్కగట్టడానికి అది అడ్డేమీ కాదు కోడ్‌రాయుడు గారూ. దాని సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆయన ఇచ్చిన కర్వ్‌లో ఏం జరుగుతోందో చూస్తే గొడవ సగం తీరిపోతుంది.

t = 0.5 దగ్గర కర్వ్ బిందువు (2, 3). మూడింట్లోనూ అదే దగ్గర: దూరం 2 కంటే పిసరంత ఎక్కువ. t = 0 దగ్గర 2.15 వస్తుంది. అందుకే న్యూటన్ 0.5 నుంచి మొదలైంది. అక్కడ ఆ సమీకరణం ఎడమ పక్క విలువ, f అందాం, 0.6, దాని వాలు −12. మొదటి స్టెప్పుకే 0.55కి వెళ్లి అక్కడే స్థిరపడుతుంది. f నిజంగానే సున్నా. కానీ ఆ చోట దూరం 2.01. అంటే బయల్దేరిన చోటికంటే ఇంకాస్త దూరం జరిగాం! అసలు దగ్గరి బిందువు t = 0.167 చుట్టూ ఉంది, దూరం 1.74.

టాంజెంట్‌కి లంబంగా ఉండటం అనేది దగ్గరి బిందువుకే కాదు, చుట్టుపక్కలకంటే దూరంగా ఉన్న బిందువుకీ వర్తిస్తుంది. న్యూటన్‌కి ఆ రెంటికీ తేడా తెలియదు. మనకి తెలుస్తుంది, ఎందుకంటే వాలు ఎలాగూ లెక్కేస్తున్నాం:

```
f = dot(B(t) - P, dB(t))
g = dot(dB(t), dB(t)) + dot(B(t) - P, ddB(t))
```

g నెగటివ్ అయితే మీరు శిఖరం వైపు వెళ్తున్నారన్నమాట. అప్పుడు −f/g స్టెప్పు వేయకూడదు.

పెన్‌టూల్_పిచ్చి:
ఓహో, g నేను ప్రింట్ చేసి చూడనేలేదు. మరి నెగటివ్ వస్తే ఎటు వెళ్లాలి?

లైన్‌ఫాలోవర్:
నా రోబోలో ఈ తలనొప్పే లేదు. కిందటి లూప్‌లో వచ్చిన t నుంచే మళ్లీ న్యూటన్ మొదలుపెడతా. ట్రాక్ కూడా క్యూబిక్ ముక్కలే. శాంపిళ్లు గట్రా ఏమీ లేవు, హాయిగా పోతుంది.

వంపుల_వనజ:
మీ రోబో ట్రాక్‌ని అంటుకునే ఉంటుంది, కాబట్టి B − P చాలా చిన్నది, g ఎప్పుడూ పాజిటివే. మౌస్ అలా కాదు, తెర మీద ఎక్కడికైనా ఎగురుతుంది. మీది దారి వదలకుండా వెంబడించే పని, ఆయనది మొత్తం కర్వ్‌లో దగ్గరిది వెతికే పని.

పెన్‌టూల్ గారూ, ఎటు వెళ్లాలో గుర్తులే చెప్తాయి. కర్వ్‌ని నాలుగు ముక్కలు చేసి చివర్లలో f చూడండి. మీ మౌస్ బిందువుకి t = 0, 0.25, 0.5, 0.75, 1 దగ్గర వరసగా −12, 1.76, 0.6, −0.86, 12 వస్తాయి. మైనస్ నుంచి ప్లస్‌కి మారిన ముక్కలోనే దగ్గరి బిందువు ఉంటుంది. అవి మొదటిదీ చివరిదీ. మూడో ముక్కలో ప్లస్ మైనస్ అయింది, మీ చుక్క ఇరుక్కున్న శిఖరం అదే. దాని జోలికి పోవద్దు. మిగతా రెండు ముక్కల్లో న్యూటన్ నడపండి. స్టెప్పు ముక్క దాటిపోతే దాన్ని పక్కనపెట్టి, మధ్యకి చీల్చి గుర్తు మారిన సగం ఉంచుకోండి. ఒకటి 1.74 ఇస్తుంది, ఇంకోటి 1.92. చిన్నది తీసుకోండి. కర్వ్ రెండు కొసల దూరాలూ పోల్చడం మర్చిపోవద్దు, అక్కడ f సున్నా కాకపోయినా కొసే దగ్గరిది కావచ్చు.

కోడ్‌రాయుడు:
ఇదీ శాంపిలింగే కదండీ, నేనన్నదీ అదే! వంద బదులు నాలుగన్నారు, అంతే.

వంపుల_వనజ:
పోలిక నిజమే, ఒప్పుకుంటా. ఒకే ముక్కలో రెండు రూట్లు పడితే గుర్తు మారదు, రెండూ జారిపోతాయి. వంద శాంపిళ్లకీ ఆ ప్రమాదం ఉంది, కాకపోతే తక్కువ. గ్యారంటీ కావాలంటే ఆ ఐదో డిగ్రీ బహుపదిని కూడా బెజియర్ లాగే బెర్న్‌స్టీన్ రూపంలో రాయాలి. ఆరు కోఎఫిషియంట్లు వస్తాయి. వరసలో గుర్తు ఒక్కసారీ మారకపోతే ఆ ముక్కలో రూట్ లేదు; ఒక్కసారే మారితే కచ్చితంగా ఒకటే; ఎక్కువసార్లు మారితే మధ్యకి చీల్చి మళ్లీ చూడాలి. ఫిలిప్ ష్నైడర్ 1990లో ప్రచురించింది ఈ దారినే. ఫార్ములా అక్కర్లేదు, ఏబెల్‌తో పేచీ లేదు.

సున్నా_గీసేవాణ్ణి:
నేను తెలుగు ఫాంట్లు గీస్తాను. మా అక్షరాల్లో గుండ్రాలే ఎక్కువ. అనుస్వారాన్నే తీసుకోండి: నాలుగు క్యూబిక్ ముక్కలతో గీసిన వృత్తం, హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో 0.5523 వంతు. మౌస్‌ని సున్నా నడిమధ్యకి తెస్తే నా ఎడిటర్‌లో చుక్క పిచ్చిపట్టినట్టు గెంతుతుంది. దీనికి ఏ రూట్ సరైనది?

వంపుల_వనజ:
భలే కేసు తెచ్చారు! ఐదు రూట్లూ 0, 1 మధ్యనే పడే ఉదాహరణ కావాలంటే ఇదే. పావు వృత్తం ముక్క కేంద్రం నుంచి సరిగ్గా వ్యాసార్థం దూరంలో ఉండేది t = 0, 0.5, 1 దగ్గర మాత్రమే. వాటి మధ్య 0.21, 0.79 దగ్గర పిసరంత బయటికి ఉబ్బుతుంది, ఆ ఉబ్బు 0.027 శాతం. మూడు లోయలు, రెండు శిఖరాలు. లోయలన్నీ ఒకే లోతు. ఐదూ దోషం లేకుండా పట్టుకున్నా, మౌస్ వెంట్రుకవాసి కదిలితే గెలిచేది మారిపోతుంది. పైగా ముక్క పొడవునా f దాదాపు సున్నాయే, కాబట్టి f చిన్నదైతే ఆపెయ్ అనే షరతు పెట్టి ఉంటే ఎక్కడ మొదలుపెడితే అక్కడే ఆగిపోతారు. t ఎంత కదిలిందో చూసి ఆపాలి.

సున్నా_గీసేవాణ్ణి:
అంటే గెంతడం సాల్వర్ తప్పు కాదంటారు. సరే, కానీ వాడేవాళ్లకి అది బగ్ లాగే కనిపిస్తుంది కదా.

లైన్‌ఫాలోవర్:
అందుకే నేనన్నది, పాత t ని వదలొద్దని. కొత్తది కనీసం అర పిక్సెల్ దగ్గరగా ఉంటేనే మారండి.

కోడ్‌రాయుడు:
అలా చేస్తే చూపించేది దగ్గరి బిందువు కాకుండా పోతుంది. పక్కగీతకి స్నాప్ చేసి కొలత తీసేవాడికి ఆ అర పిక్సెల్ ఊరుకుంటుందా?

వంపుల_వనజ:
కొలతకైతే నేనూ ఒప్పుకోను. చూపించే చుక్కకైతే లైన్‌ఫాలోవర్ మాట బాగానే ఉంది, కాకపోతే అర పిక్సెల్ అన్నది జూమ్‌తో పాటు మారాలి.

పెన్‌టూల్_పిచ్చి:
నాలుగు ముక్కలతో పెట్టి చూశా, (1.9, 1) దగ్గర చుక్క 0.167కి వచ్చేసింది. తనని తాను ఖండించుకునే లూప్ కర్వ్‌లకి నాలుగు సరిపోతాయా, నేరుగా బెర్న్‌స్టీన్‌కి వెళ్లాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు. లూప్‌ల మీద ఎవరైనా నడిపి చూసి ఉంటే చెప్పండి.